పాత ల్యాప్‌టాప్ కొనేముందు అరగంట పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

మొదటిసారి పాత ల్యాప్‌టాప్ కొనేవాళ్లు నన్ను అడిగే సందేహాలు ఏళ్లుగా మారలేదు. ప్రాసెసర్, ర్యామ్ గురించి అందరూ ముందే చదువుకుని వస్తారు. కొన్న వారానికి ఫోన్ వచ్చేది మాత్రం స్క్రీన్, కీబోర్డ్, పోర్టులు, బ్యాటరీ గురించే. ఆ నాలుగింటినీ డబ్బు చేతులు మారకముందే ఎలా చూసుకోవాలో ఇక్కడ రాశాను. ఏ ప్రశ్న దగ్గర మొదలుపెట్టినా అర్థమవుతుంది.

## చూడ్డానికి వెళ్లే ముందు

వెంట ఏం తీసుకెళ్లాలి?

ఒక పెన్‌డ్రైవ్, మైక్ ఉన్న వైర్ ఇయర్‌ఫోన్స్, మీ ఫోన్, దాని టైప్-సి కేబుల్, స్క్రీన్ తుడవడానికి మెత్తటి గుడ్డ. అవతల టీవీ గానీ మానిటర్ గానీ ఉంటుందని తెలిస్తే హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా.

పెన్‌డ్రైవ్‌లో ముందే కొన్ని ఫైళ్లు వేసుకోండి. పూర్తిగా తెల్లటి బొమ్మ ఒకటి, పూర్తిగా నల్లటిది ఒకటి, అలాగే ఎరుపు, ఆకుపచ్చ, నీలం, బూడిద రంగు. పెయింట్‌లో ఒక్కో రంగు నింపి సేవ్ చేస్తే చాలు, అయిదు నిమిషాల పని. వాటితోపాటు అరగంటకు మించిన వీడియో ఒకటి, ఒక జీబీ సైజు ఉన్న ఏదైనా ఫైల్ ఒకటి. ఇవన్నీ ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి కదా అంటారు. దొరుకుతాయి, కానీ అవతలివాళ్ల వైఫై పాస్‌వర్డ్ కోసం ఎదురుచూస్తూ పది నిమిషాలు పోగొట్టుకోవడం దేనికి?

అమ్మేవాళ్లకు ముందుగా ఏమైనా చెప్పాలా?

మూడు మాటలు చెప్పండి. బ్యాటరీ 80 శాతం పైన చార్జ్ చేసి ఉంచమనండి, నేను వచ్చేసరికి ల్యాప్‌టాప్ పూర్తిగా ఆఫ్‌లో ఉండాలనండి, దానితో ఇచ్చే చార్జరే దగ్గర పెట్టుకోమనండి.

మనం వెళ్లేసరికి చాలామంది చార్జర్ పెట్టి, ఆన్ చేసి, పాట కూడా ప్లే చేసి ఉంచుతారు. అందులో మోసం ఉందని అనుకోనక్కర్లేదు, మర్యాద కోసమే చేస్తారు. కానీ చార్జర్ మీద నడిచే మెషీన్ బ్యాటరీ గురించి ఏమీ చెప్పదు. చల్లగా ఉన్నప్పుడు స్క్రీన్ రావడానికి మొరాయించే మెషీన్ అయితే, ముందే వేడెక్కి ఉంటే ఆ సంగతీ బయటపడదు.

మొత్తం ఎంతసేపు పడుతుంది? ఏది ముందు, ఏది తర్వాత?

అరగంట. వరుసలో కిటుకు ఒక్కటే: బ్యాటరీ పరీక్ష అన్నిటికంటే ముందు మొదలై, అన్నిటికంటే చివర ముగియాలి. ఆన్ చేయగానే చార్జర్ తీసేసి, బ్యాటరీ శాతం, టైమ్ ఫోన్‌లో రాసుకోండి. స్క్రీన్ వెలుతురు సగానికి కాస్త పైన పెట్టండి. మీరు స్క్రీన్, కీబోర్డ్, పోర్టులు చూస్తున్నంతసేపూ బ్యాటరీ దిగుతూనే ఉంటుంది, మధ్యలో ఖాళీ దొరికితే వీడియో నడవనివ్వండి. చివర్లో మళ్లీ శాతం, టైమ్ రాసుకుంటే లెక్క మీ చేతిలో ఉంటుంది. చార్జర్ పెట్టి చూడాల్సినవి మాత్రం ఆ తర్వాతే చూడండి. బ్యాటరీని చివరికి వదిలేస్తే దాని కోసం విడిగా ఇంకో అరగంట కూర్చోవాలి, అంత ఓపిక ఎవరికీ ఉండదు.

## ఆన్ చేయకముందు

ఆఫ్‌లో ఉన్నప్పుడు చూడాల్సింది ఏముంటుంది?

మూత మూసి, చదునైన బల్ల మీద పెట్టి, నాలుగు మూలలా వేలితో మెల్లగా నొక్కండి. కుర్చీ కాలు పొట్టిదైనట్టు ఊగితే ఎక్కువగా రెండు కారణాలు: కింద రబ్బరు బిళ్ల ఊడిపోయి ఉండాలి, లేదా లోపల బ్యాటరీ ఉబ్బి అడుగు తట్టును తోస్తూ ఉండాలి. తిప్పి చూస్తే ఏదో తెలిసిపోతుంది.

తిప్పినప్పుడే స్క్రూలు చూడండి. తలలు అరిగి ఉన్నా, ఒకటి రెండు లేకపోయినా ఎవరో విప్పారని అర్థం. విప్పడం తప్పేమీ కాదు, ర్యామ్ వేయించి ఉండవచ్చు. ఎందుకు విప్పారో అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే సరే.

తర్వాత మూత ఒక చేత్తో మెల్లగా తెరవండి. మూతను పట్టి ఉంచే హింజ్ దగ్గర టక్కుమన్నా, మూలన ప్లాస్టిక్ విచ్చుకున్నట్టు సందు కనిపించినా అది ముదిరే జబ్బే. ఆ సందు రోజూ కాస్త కాస్త పెరిగి, ఒకరోజు హింజ్ కింది స్క్రూ గుంటలు ప్లాస్టిక్‌తో సహా ఊడి వస్తాయి.

బ్యాటరీ కొంచెం ఉబ్బినట్టుంది, "పని చేస్తోంది కదా" అంటున్నారు. పర్లేదా?

పర్లేదనుకోకండి. లిథియం బ్యాటరీ లోపల గ్యాస్ పుట్టి పౌచ్ ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బింది మళ్లీ తగ్గదు. గుర్తులు ఇవి: టచ్‌ప్యాడ్ ఒక అంచున పైకి లేచి ఉండటం, దాన్ని నొక్కితే క్లిక్ రాకపోవడం, కీబోర్డ్ నడుమ మిట్టగా కనిపించడం, మూత పూర్తిగా మూసుకోకపోవడం. చాలా మోడళ్లలో బ్యాటరీ సరిగ్గా టచ్‌ప్యాడ్ కిందే ఉంటుంది కాబట్టి మొదట తెలిసేది అక్కడే.

ఉబ్బిన చోట నొక్కి చూడకండి, చార్జ్ పెట్టమని అడగకండి. మెషీన్ మిగతాదంతా నచ్చితే, బ్యాటరీ వాళ్లే మార్పించాక మళ్లీ వస్తానని చెప్పండి. "మీరే మార్పించుకోండి, ధర తగ్గిస్తాం" అంటే నేనైతే ఒప్పుకోను. ఉబ్బిన బ్యాటరీని సంచిలో వేసుకుని ప్రయాణం చేయడం ఎవరికీ మంచిది కాదు.

## స్క్రీన్

డెడ్ పిక్సెల్ కంటికి ఎలా దొరుకుతుంది?

ముందు స్క్రీన్ తుడవండి. సగం "డెడ్ పిక్సెళ్లు" దుమ్ము రేణువులే. తర్వాత తెల్లటి బొమ్మ తెరిచి ఫుల్‌స్క్రీన్ చేయండి. విండోస్ ఫొటోస్ యాప్‌లో అయినా బ్రౌజర్‌లో అయినా `F11` నొక్కితే అవుతుంది. కళ్లను పుస్తకం చదివినట్టు వరుస వరుసగా నడిపించండి. తెలుపు మీద కదలని నల్లటి చుక్క ఉంటే అది డెడ్ పిక్సెల్. నలుపు మీద వెలిగే చుక్క ఉంటే అది ఇరుక్కుపోయిన పిక్సెల్. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కూడా వేయాలి, ఎందుకంటే ఒక్కో పిక్సెల్‌లో ఈ మూడు ముక్కలు ఉంటాయి. నీలం ముక్క ఒక్కటే పోతే తెలుపు మీద అది సరిగ్గా కనపడదు, నీలం తెర మీద నల్లగా తేలుతుంది.

మూలన ఒక చుక్క ఉంటే నేను పట్టించుకోను, వారంలో మరిచిపోతాం. నడిమధ్యన ఉన్న చుక్క మాత్రం రోజూ పలకరిస్తుంది. ఒకే చోట నాలుగైదు గుంపుగా ఉంటే అక్కడ దెబ్బ తగిలిందని అనుకోండి, అది పెరగవచ్చు.

స్క్రీన్ మీద అక్కడక్కడా తెల్లటి మచ్చలు ఉన్నాయి. ఇవేంటి?

వేలిముద్రంత సైజులో, చుట్టుపక్కల కంటే కాస్త ఎక్కువ వెలుతురుగా కనిపించేవి ఒత్తిడి మచ్చలు. మూత మీద బరువు పడినప్పుడో, బ్యాగులో పుస్తకాల మధ్య నలిగినప్పుడో ప్యానెల్ వెనక వెలుతురును పరిచే పొరలు దెబ్బతిని వస్తాయి. తెలుపు, బూడిద రంగు తెరల మీద స్పష్టంగా తెలుస్తాయి. తుడిస్తే పోవు, సాఫ్ట్‌వేర్‌తో పోవు, ప్యానెల్ మార్చాల్సిందే. పనికి అడ్డం రావు కాబట్టి ధర తగ్గించమని అడగడానికి సరైన కారణం.

అంచుల్లో కనిపించే వెలుగు వేరే సంగతి. గది చీకటి చేసి, నల్లటి బొమ్మ వేసి, తల అటూ ఇటూ జరపండి. మీతోపాటు ఆ వెలుగూ జరిగితే అది ఐపీఎస్ అనే రకం ప్యానెల్ స్వభావం, లోపం కాదు. కదలకుండా అక్కడే నిలిస్తే వెనక లైటు అంచు నుంచి కారుతోందని అర్థం. కొద్దిగా ఉంటే పర్లేదు.

మూత కదిపితే స్క్రీన్ మినుక్కుమంటోంది. "డ్రైవర్ అప్‌డేట్ చేస్తే పోతుంది" అన్నారు, నిజమేనా?

డ్రైవర్‌కు మూత ఎంత తెరిచి ఉందో పట్టదు. మూత కోణం మారినప్పుడే తేడా వస్తుంటే అది కేబుల్. మదర్‌బోర్డు నుంచి స్క్రీన్‌కు వెళ్లే సన్నటి కేబుల్ హింజ్ పక్కనుంచే పోతుంది, వేలసార్లు వంగి వంగి లోపలి తీగలు తెగుతాయి.

నా మొదటి పాత ల్యాప్‌టాప్ నాకు నేర్పిన పాఠం ఇదే. చూసిన రోజు బల్ల మీద నిటారుగా తెరిచి ఉంది, స్క్రీన్ అద్దంలా ఉంది. ఇంటికొచ్చి మంచం మీద ఒళ్లో పెట్టుకుని మూత వెనక్కి వాల్చగానే తెర గులాబీ రంగుకు తిరిగింది. ఇంకో వేలెడు వాలిస్తే పూర్తిగా నలుపు. ఆ తర్వాత రెండు నెలలు దాన్ని ఒకే కోణంలో, గోడకు ఆనించిన అట్టపెట్టెతో కదలకుండా నిలబెట్టి వాడాను.

అందుకే తెల్లటి బొమ్మ పెట్టి, మూతను దాదాపు మూసేదాకా దించి, మళ్లీ వెనక్కి వెళ్లినంత దూరం వాల్చండి. చాలా నెమ్మదిగా, రెండు మూడుసార్లు. మరీ కిందికి దించితే మెషీన్ నిద్రలోకి వెళ్తుంది, దానికి కంగారు పడకండి. రంగు మారడం, గీతలు రావడం, క్షణం నల్లబడటం ఏది జరిగినా కేబుల్ లేదా దాని కనెక్టర్. కేబుల్ మార్చడం ప్యానెల్ మార్చడం కంటే చవకే, కానీ ఆ పని అమ్మేవాళ్లు చేయించి ఇస్తేనే తీసుకోండి.

స్క్రీన్ మీద నిలువు గీత ఉంది. ప్యానెల్ పోయిందా, గ్రాఫిక్స్ పోయిందా?

హెచ్‌డీఎంఐతో టీవీకో మానిటర్‌కో కలిపి చూడండి. బయటి తెర శుభ్రంగా ఉండి, ల్యాప్‌టాప్ తెర మీదే గీత ఉంటే ప్యానెల్ లేదా కేబుల్. రెండిటి మీదా ఉంటే గ్రాఫిక్స్ చిప్ అనుమానం, చాలా మోడళ్లలో అది మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది కాబట్టి వదిలేసి రండి.

బయటి తెర లేకపోతే రీస్టార్ట్ చేసి బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగ్స్ తెరలోకి వెళ్లండి. అక్కడ విండోస్ గానీ దాని డ్రైవర్లు గానీ ఉండవు. అక్కడా గీత ఉంటే సాఫ్ట్‌వేర్ కాదని తేలిపోయినట్టే. డెల్ ల్యాప్‌టాప్‌లలో ఇంకో సులువుంది: ఆఫ్ చేసి, `D` కీ నొక్కి పట్టుకుని పవర్ బటన్ నొక్కితే తెర తనంతట తనే ఒక్కో రంగు చూపిస్తుంది.

ఓఎల్‌ఈడీ స్క్రీన్ అయితే వేరేగా ఏమైనా చూడాలా?

బూడిద రంగు బొమ్మ ఫుల్‌స్క్రీన్ పెట్టి తెర అడుగున చూడండి. ఏళ్లపాటు టాస్క్‌బార్ కదలకుండా ఉన్న చోట, స్టార్ట్ బటన్ నీడలాంటిది లీలగా కనిపిస్తే అది బర్న్-ఇన్. పోదు.

## కీబోర్డ్

కీలన్నీ పని చేస్తున్నాయో లేదో తొందరగా ఎలా తేల్చాలి?

నోట్‌ప్యాడ్‌లో నాలుగు వాక్యాలు టైప్ చేస్తే చాలదు. రోజూ వాడని కీలు అందులో రావు, పాస్‌వర్డ్ కొట్టే రోజే అవి గుర్తొస్తాయి. విండోస్‌లో `Win + R` నొక్కి `osk` అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. తెర మీద కీబోర్డ్ బొమ్మ వస్తుంది. మీరు అసలు కీ నొక్కినప్పుడల్లా బొమ్మలో అదే కీ వెలుగుతుంది. పై వరుస ఎడమ మూల నుంచి మొదలుపెట్టి ఒక్కో కీ నొక్కుకుంటూ రండి. షిఫ్ట్, కంట్రోల్ లాంటివి రెండు వైపులా ఉంటే రెండూ నొక్కాలి. ఎడమ షిఫ్ట్ ఒక్కటే వాడేవాళ్లకు కుడిది పోయిందని ఏళ్ల తరబడి తెలియదు. `Fn` కీ, `F1` నుంచి `F12` దాకా ఉన్న కీలు మాత్రం బొమ్మలో వెలగకపోవచ్చు. వాటి మీద బొమ్మ వేసిన పనులు, వెలుతురు పెంచడం తగ్గించడం లాంటివి, చేసి చూస్తే సరిపోతుంది.

తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి స్పేస్, ఎంటర్, బ్యాక్‌స్పేస్‌లను నడుమన ఒకసారి, రెండు చివర్లా ఒక్కోసారి నొక్కండి. పొడవు కీల అడుగున తీగ ఊడితే నడుమన పని చేసి చివర్లలో మొరాయిస్తాయి.

ఒక అక్షరం నొక్కితే రెండు పడుతున్నాయి. తుడిస్తే పోతుందా?

ఒక్క కీకి మాత్రమే ఉంటే కింద దుమ్మో ముక్కో ఉండి ఉండవచ్చు, పోయే అవకాశం ఉంది. భయపడాల్సింది గుంపుగా వచ్చే లోపానికి. కీబోర్డ్ లోపల ఒక్కో కీకి విడిగా తీగ ఉండదు. అడ్డం, నిలువు గీతల గళ్లలా ఉంటుంది, ఒక్క గీతను ఎన్నో కీలు పంచుకుంటాయి. టీయో నీళ్లో పడి ఒక గీత తుప్పు పడితే, చూడ్డానికి సంబంధం లేని నాలుగైదు కీలు ఒకేసారి పోతాయి. కొన్నిసార్లు ఒక కీకి బదులు ఇంకోటి కూడా పడుతుంది.

కీబోర్డ్ మీద ద్రవం పడిందంటే అక్కడితో ఆగిందన్న నమ్మకం లేదు, కిందే మదర్‌బోర్డు. కాబట్టి ఇలాంటి గుంపు లోపం కనిపిస్తే కీబోర్డ్ ధర తగ్గించుకుని తీసుకుందామని అనుకోకండి. పైగా చాలా సన్నటి మోడళ్లలో కీబోర్డ్‌ను పై ప్లేట్‌కు రివెట్లతో బిగిస్తారు. మార్చాలంటే ల్యాప్‌టాప్ మొత్తం విప్పాలి.

ఏమీ నొక్కకుండా నోట్‌ప్యాడ్‌ను ఒక నిమిషం అలా వదిలేయడం కూడా ఒక పరీక్షే. అక్షరాలు వాటంతటవే పడితే ఇక చూడాల్సింది లేదు.

కీల మీద అక్షరాలు చెరిగిపోయాయి, మెరుస్తున్నాయి. తీసుకోవచ్చా?

పనికి ఏ ఇబ్బందీ లేదు. అయితే అది మెషీన్ వయసు చెప్పే సాక్ష్యం. "అసలు వాడనే లేదు, అలా పడి ఉంది" అన్న మాటకీ, నున్నగా మెరిసే స్పేస్ బార్‌కీ పొసగదు. అలాంటప్పుడు మిగతా మాటలను కూడా కాస్త తగ్గించుకుని వినండి.

## పోర్టులు

పెన్‌డ్రైవ్ పెడితే కనిపించింది. పోర్టు బాగున్నట్టేనా?

సగం బాగున్నట్టు. కనిపించడం ఒకటి, ఫైల్ తెగకుండా రావడం ఇంకొకటి. ఒక జీబీ ఫైల్‌ను పెన్‌డ్రైవ్ నుంచి డెస్క్‌టాప్‌కు కాపీ పెట్టి, అది సాగుతుండగా పెన్‌డ్రైవ్‌ను వేలితో పైకీ కిందికీ అతి మెల్లగా ఆడించండి. కాపీ ఆగినా, డిస్‌కనెక్ట్ అయిన శబ్దం వచ్చినా ఆ పోర్టు లూజు. ప్రతి పోర్టులోనూ ఇదే ఫైల్, ఇదే పెన్‌డ్రైవ్.

కాపీ వేగం కూడా గమనించండి. యూఎస్‌బీ 3 పోర్టులో పాత యూఎస్‌బీ 2 కంటే అదనంగా అయిదు కాంటాక్టులు ఉంటాయి. అవి విరిగినా పెన్‌డ్రైవ్ కనిపిస్తుంది, కానీ సెకనుకు 30, 40 ఎంబీ దాటదు. మీ పెన్‌డ్రైవే నెమ్మదిదైతే అన్ని పోర్టుల్లోనూ అంతే వస్తుంది కాబట్టి, ఒక పోర్టును ఇంకో పోర్టుతో పోల్చడమే సరైన లెక్క. అయితే ఒక్కో ల్యాప్‌టాప్‌లో ఒక పోర్టు పుట్టుకతోనే యూఎస్‌బీ 2 అయి ఉంటుంది. తప్పు పట్టే ముందు మోడల్ పేరుతో వివరాలు చూడండి.

టైప్-సి పోర్టు ఎలా చూడాలి?

కేబుల్ ఒకసారి పెట్టి, తీసి, తిప్పి మళ్లీ పెట్టండి. ఈ పోర్టు లోపలి నాలుకకు పైన పన్నెండు, కింద పన్నెండు కాంటాక్టులు ఉంటాయి. ఒక వైపువి పాడైతే కేబుల్ ఒకలా పెడితే పని చేస్తుంది, తిప్పి పెడితే చేయదు. చూపించేటప్పుడు చేయి అలవాటుగా పనిచేసే వైపే పెడుతుంది, అందుకే కేబుల్ మీ చేత్తో మీరే పెట్టండి.

ఈ పోర్టు చేయగల పనులు మూడు: డేటా, చార్జింగ్, బయటి తెర. ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ మూడూ ఉండవు. పక్కన మెరుపు గుర్తు ఉంటే సాధారణంగా థండర్‌బోల్ట్, మూడూ చేస్తుంది. గుర్తేమీ లేకపోతే మోడల్ వివరాలు చూశాకే తీర్పు. ఫోన్ కలిపి ఒక ఫొటో కాపీ చేస్తే డేటా తేలుతుంది. టైప్-సి చార్జర్‌తోనే వచ్చే మెషీన్ అయితే, అలాంటి పోర్టులు రెండు ఉన్నప్పుడు రెండిట్లోనూ చార్జర్ పెట్టి చూడాలి. చార్జింగ్‌కు అదొక్కటే దారి కాబట్టి అక్కడ రాజీ వద్దు.

చార్జర్ పిన్ కదిపితే చార్జింగ్ ఆగిపోతోంది. పెద్ద సమస్యా?

తీగ దగ్గర లోపమా, పోర్టు దగ్గర లోపమా అన్నదాన్ని బట్టి. పిన్‌ను కదలకుండా పట్టుకుని తీగను మాత్రం ఆడించండి. అప్పుడు ఆగితే చార్జర్ మారిస్తే సరి. తీగ వదిలి పిన్‌ను ఆడించినప్పుడు ఆగితే పోర్టే లూజు. గుండ్రటి పిన్ పోర్టు కొన్ని మోడళ్లలో విడి ముక్కగా, చిన్న కేబుల్‌తో ఉంటుంది, మార్చడం తేలిక. బోర్డుకే అతికి ఉంటే సోల్డరింగ్ పని.

చార్జర్ అసలుదా కాదా అన్నది కూడా ఇప్పుడే చూడండి. దాని మీద రాసిన వాట్లు, ల్యాప్‌టాప్‌కు కావాల్సిన వాట్ల కంటే తక్కువ ఉండకూడదు. డెల్ గుండ్రటి పిన్ చార్జర్ల నడుమ ఒక సన్నటి పిన్ ఉంటుంది, అదే చార్జర్ వాట్లను ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. అది వంగినా విరిగినా మెషీన్ నడుస్తుంది గానీ బ్యాటరీ ఎక్కదు, వేగమూ తగ్గిపోతుంది. ఆన్ చేసేటప్పుడు చార్జర్ రకం తెలియలేదన్న హెచ్చరిక తెర మీదకొస్తే ఎంటర్ కొట్టి దాటేయనివ్వకండి.

ఇయర్‌ఫోన్ పోర్టులో ఏం చూడాలి?

పెట్టగానే స్పీకర్లు మూగబోవాలి, రెండు చెవుల్లోనూ వినపడాలి, తీయగానే స్పీకర్లు తిరిగి మోగాలి. ఇయర్‌ఫోన్స్ మైక్‌తో అయిదు సెకన్లు రికార్డు చేసి వినండి. అంతే.

ఒక యూఎస్‌బీ పని చేయట్లేదు, "డ్రైవర్ లేదు, ఇంటికెళ్లి వేసుకోండి" అన్నారు. నమ్మాలా?

రెండు నిమిషాల్లో తేల్చవచ్చు. పెన్‌డ్రైవ్ ఆ పోర్టులో ఉంచి రీస్టార్ట్ చేసి, బూట్ మెనూ తెరవండి. లెనోవో, డెల్‌లలో ఎక్కువగా `F12`, హెచ్‌పీలో `F9`. ఆ మెనూ విండోస్ కంటే ముందు వస్తుంది, విండోస్ డ్రైవర్లతో దానికి పని లేదు. పనిచేసే పోర్టులో ఒకసారి, అనుమానం ఉన్న పోర్టులో ఒకసారి పెట్టి చూడండి. మొదటి దాంట్లో పెన్‌డ్రైవ్ పేరు కనిపించి, రెండో దాంట్లో కనిపించకపోతే అది డ్రైవర్ సంగతి కాదు, పోర్టు పోయింది.

## బ్యాటరీ

బ్యాటరీ ఎంత అరిగిందో ఎక్కడ కనిపిస్తుంది?

విండోస్‌లో స్టార్ట్ నొక్కి `cmd` అని టైప్ చేసి, వచ్చిన నల్ల కిటికీలో ఇది కొట్టండి:

```
powercfg /batteryreport
```

రిపోర్టు ఏ ఫోల్డర్‌లో పడిందో అదే చెబుతుంది. ఆ ఫైల్ బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అందులో `Installed batteries` దగ్గర రెండు అంకెలు చూస్తే చాలు. `DESIGN CAPACITY` అంటే కొత్తగా ఉన్నప్పుడు పట్టే శక్తి, `FULL CHARGE CAPACITY` అంటే ఇప్పుడు పడుతున్నది. రెండోదాన్ని మొదటిదానితో భాగించి వందతో గుణించండి.

మ్యాక్‌బుక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్‌లో `Battery` లోకి వెళ్లి `Battery Health` పక్కన గుర్తు నొక్కితే శాతం నేరుగా కనిపిస్తుంది. `Service Recommended` అని ఉంటే బ్యాటరీ మార్పిడి ఖర్చు ధరలో తగ్గించాల్సిందే. లైనక్స్‌లో `upower -d` కొట్టి `energy-full`, `energy-full-design` చూడండి.

కొన్ని పాత థింక్‌ప్యాడ్‌లలో రెండు బ్యాటరీలు ఉంటాయి, లోపల ఒకటి, బయట తీసేది ఒకటి. రిపోర్టులో రెండూ వస్తాయి, ఒకటి బాగుండి రెండోది చచ్చి ఉండటం మామూలే.

రిపోర్టులో 62 శాతం వచ్చింది. అంటే ఎన్ని గంటలు వస్తుంది?

శాతం ఒక్కటే గంటలు చెప్పదు. మెషీన్ ఎంత తాగుతోందో కూడా తెలియాలి. మొన్న ఒక బంధువు కోసం చూసిన ల్యాప్‌టాప్ లెక్క ఇది. కొత్తలో పట్టేది 50,000 ఎండబ్ల్యూహెచ్, అంటే మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు 31,200. అంటే 62 శాతం. చార్జర్ తీసినప్పుడు 82 శాతం ఉంది, సరిగ్గా అరగంటకు 68కి దిగింది. ఆ అరగంటలో వీడియో నడిచింది, ఫైళ్లు కాపీ అయ్యాయి.

అరగంటకు 14 శాతం అంటే గంటకు 28. వందను 28తో భాగిస్తే మూడున్నర గంటలు. ఇదే మెషీన్ కొత్త బ్యాటరీతో అయిదున్నర గంటల పైనే నడిచేది. ఇంట్లో బల్ల మీద వాడుకునేవాళ్లకు మూడున్నర చాలు. మా బంధువుకు రోజంతా చార్జింగ్ దొరకని చోట పని, కాబట్టి కొత్త బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడిగాం, తగ్గించారు.

నా కొలత ఇది: 80 పైన ఉంటే బ్యాటరీ ఊసు ఎత్తను, 60 నుంచి 80 మధ్య అరగంట పరీక్షను బట్టి నిర్ణయిస్తాను, 60 లోపు ఉంటే బ్యాటరీ లేదనుకునే ధర మాట్లాడతాను.

సైకిల్ కౌంట్ ఎంత ఉంటే మంచిది?

వంద శాతం చార్జ్ ఖర్చయితే ఒక సైకిల్, అది ఒక్కసారే కానక్కర్లేదు. ఇవాళ సగం, రేపు సగం వాడినా ఒకటే. ఇటీవలి మ్యాక్‌బుక్‌లకు ఆపిల్ పెట్టిన హద్దు 1000. మిగతా ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 300 నుంచి 500 దాటాక అరుగుదల బాగా తెలుస్తుంది. విండోస్ రిపోర్టులో `CYCLE COUNT` దగ్గర గీత ఉంటే ఆ బ్యాటరీ చెప్పడం లేదంతే, అదొక్కటే చూసి అనుమానించకండి. రోజంతా చార్జర్‌కే తగిలించి వాడిన మెషీన్‌లో సైకిల్స్ తక్కువే ఉన్నా వేడికి, వయసుకు బ్యాటరీ అరిగి ఉంటుంది.

రిపోర్టులో 100 శాతం చూపిస్తోంది. నమ్మొచ్చా?

అయిదేళ్ల మెషీన్‌లో రెండు అంకెలూ అచ్చంగా ఒకటే ఉంటే, చాలాసార్లు బ్యాటరీ మార్చి ఉంటారు. అది మంచిదీ కావచ్చు, నాసిరకమూ కావచ్చు. ఈ అంకెలు బ్యాటరీ లోపలి చిన్న చిప్ చెప్పే మాటలు, చవకబారు బ్యాటరీలో ఆ చిప్ ఉన్నదానికంటే గొప్పలు చెప్పగలదు. నిజం చెప్పేది చార్జర్ తీసి నడిపే అరగంటే. శాతం మెట్టు మెట్టుగా, సమానంగా దిగాలి. 71 నుంచి ఒక్కసారిగా 54కి దూకినా, 40 దగ్గర హఠాత్తుగా ఆఫ్ అయినా రిపోర్టు ఏం రాసినా ఆ బ్యాటరీ పని అయిపోయింది.

`Battery capacity history` అన్న పట్టికలో పాత తేదీలు లేవని కంగారు పడకండి. అది విండోస్ దాచుకునే చరిత్ర, విండోస్ కొత్తగా వేస్తే పోతుంది.

చార్జర్ పెట్టినా 80 శాతం దగ్గర ఆగిపోతోంది. బ్యాటరీ పోయిందా?

చాలాసార్లు కాదు. బ్యాటరీ ఎక్కువకాలం మన్నడానికి 60 లేదా 80 దగ్గర ఆపే సెట్టింగ్ చాలా కంపెనీల యాప్‌లోనో బయోస్‌లోనో ఉంటుంది. దాన్ని ఆపి చూడమనండి, చార్జ్ మళ్లీ ఎక్కడం మొదలైతే సమస్య లేదు. 0 లేదా 1 శాతం దగ్గర ఇరుక్కుని ఎంతకీ ఎక్కకపోతే మాత్రం బ్యాటరీ లేదా చార్జింగ్ సర్క్యూట్.

## డబ్బు ఇచ్చే ముందు

చార్జ్ లేదు, టైమ్ లేదు, ఇప్పుడే తేల్చమంటున్నారు. ఏం చేయాలి?

పది నిమిషాలే ఇస్తే నేను చూసేవి నాలుగు. తెల్లటి తెర పెట్టి మూతను పూర్తిగా వాల్చి దించడం, `osk` తో కీలన్నీ ఒక చుట్టు, చార్జర్ పిన్ ఆడించడం, `powercfg` రిపోర్టు. బ్యాటరీ ఖాళీ అన్నా సరే, పది నిమిషాలు చార్జ్ పెట్టి తీసేయమనండి. తీసిన మరుక్షణం ఆఫ్ అయితే జవాబు దొరికినట్టే. ఆ పది నిమిషాలు కూడా ఇవ్వకపోతే వచ్చేయండి.

అన్నీ చూశాను, బాగున్నాయి. ఇంకేమైనా మిగిలిందా?

చార్జర్ తీసి ఉండగానే షట్‌డౌన్ చేసి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ ఆన్ చేయించండి. బయోస్ పాస్‌వర్డ్ అడగకుండా, స్క్రీన్ మినుక్కుమనకుండా, బ్యాటరీ శాతం ఇందాకటి అంకె దగ్గరే లేవాలి. చూసిన లోపాలు, కుదిరిన ధర, మెషీన్ కింద ఉన్న సీరియల్ నంబర్ ఒక మెసేజ్‌లో రాసి అమ్మేవాళ్లకు పంపండి. వాళ్లు "సరే" అని జవాబు పెట్టాకే డబ్బు పంపండి.